డిమెన్షియా ఉన్న పెద్దావిడ స్నానం దగ్గర కొడుతుంటే: మందు కంటే ముందు టీం చేయాల్సింది

ప్రశ్న: బెంగళూరులో 24 మంది పెద్దవాళ్లున్న కేర్ హోమ్ మాది. అనంతపురం వైపు నుంచి వచ్చిన 79 ఏళ్ల ఆవిడ, అల్జీమర్స్, చేరి నాలుగు నెలలైంది. నెల రోజుల నుంచి పొద్దున స్నానానికి తీసుకెళ్తే అరుపులు, గిల్లడం, కొట్టడం. ఇదివరకు కన్నడం బాగా మాట్లాడేవారట, ఇప్పుడు తెలుగు తప్ప రావట్లేదు. మా అటెండెంట్లు అస్సాం, ఒడిశా, ఉత్తర కర్ణాటక వాళ్లు. మందు పెంచమని డాక్టర్‌ని అడుగుదామంటున్నారు. మందు లేకుండా టీం అంతా పాటించే ప్లాన్ ఎలా ఉండాలి?

జవాబు:

మీరు రాసినదాంట్లో నన్ను ఆపిన మాట "నెల రోజుల నుంచి". మొదటి మూడు నెలలు ఇదే స్నానాల గదిలో, ఇదే జబ్బుతో ఆవిడ నీళ్లు పోయించుకున్నారు. అల్జీమర్స్ నెలలో అంత ముదరదు. కాబట్టి నెల కిందట ఏదో మారింది. అది ఆవిడ ఒంట్లో మారిందా, మీ పద్ధతిలో మారిందా అన్నది తేల్చడమే ప్లాన్‌లో మొదటి పని.

ఒంటి సంగతి ముందు. ఒకటి రెండు రోజుల్లోనే మనిషి మారిపోయి, కాసేపు మగతగా కాసేపు ఆందోళనగా ఉంటే, జ్వరం ఉంటే, తిండి నీళ్లు మానేస్తే అది డెలీరియం కావచ్చు. అప్పుడు చార్టులు రాస్తూ కూర్చోకండి, అదే రోజు డాక్టర్ చూడాలి. మీ విషయంలో నెల పట్టింది కాబట్టి నర్సు తీరిగ్గా ఒక్కొక్కటీ వెతకొచ్చు. మూడు రోజులుగా విరేచనం కాలేదా? కింది పొట్ట గట్టిగా ఉండి మూత్రం చుక్కలు చుక్కలుగా వస్తోందా? నోట్లో పుండు, కదిలే పన్ను ఉన్నాయా? చెవిలో గుమిలి నిండిందా? నెల కిందట మందుల చీటీలో ఏదైనా కలిసిందా, ఆగిందా? ఇవన్నీ చూసే హోమ్‌లలో కూడా తరచూ తప్పిపోయేది చర్మం. రొమ్ముల కింద, గజ్జల్లో ఫంగస్ వచ్చి ఒరిసిపోయిన చోట సబ్బు తగిలితే భగ్గున మండుతుంది. మండుతోందని చెప్పలేని మనిషి సబ్బు రాసే చేతిని కొడుతుంది.

మూత్రం గురించి ఒక హెచ్చరిక. ఇలా గొడవ పడగానే స్ట్రిప్‌తో మూత్రం పరీక్ష చేసి, "ఇన్ఫెక్షన్" అని యాంటీబయోటిక్ మొదలుపెట్టే అలవాటు చాలా చోట్ల ఉంది. ఈ వయసు ఆడవాళ్లలో చాలామందికి ఏ జబ్బూ లేకుండానే మూత్రంలో బాక్టీరియా ఉంటుంది. జ్వరం, మంట, కొత్తగా మాటిమాటికీ మూత్రం రావడం లాంటివి లేకుండా స్ట్రిప్ ఒక్కటే చూసి నిర్ణయిస్తే అసలు కారణం వెతకడం ఆగిపోతుంది.

నొప్పిని "నొప్పిగా ఉందా?" అని అడిగి తేల్చలేం. మాటలు తగ్గినవాళ్ల కోసం పెయినాడ్ అనే చిన్న కొలత ఉంది. ఊపిరి తీసే తీరు, మూలుగు, ముఖం, ఒంటి కదలిక, ఓదారిస్తే ఊరడిల్లుతున్నారా లేదా అనే ఐదింటికీ సున్నా నుంచి రెండు దాకా మార్కు వేస్తారు, మొత్తం పది. చాలామంది దీన్ని ఆవిడ కుర్చీలో కూర్చున్నప్పుడు వేసి "సున్నా" అని రాసేస్తారు. నొప్పి కదిలిస్తే తెలుస్తుంది. జాకెట్టు తొడిగేటప్పుడు, మంచం మీద పక్కకి తిప్పేటప్పుడు, లేచి నిలబెట్టేటప్పుడు చూసి వేయండి. నార్వేలో 18 నర్సింగ్ హోమ్‌లలో 352 మందితో చేసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, నొప్పికి ఎనిమిది వారాలు పద్ధతిగా చికిత్స చేస్తే ఆందోళన కూడా తగ్గింది. అందుకని డాక్టర్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న శాంతపరిచే మందు గురించి కాదు, "ఈవిడకి ఎక్కడ నొప్పి ఉండొచ్చు, స్నానానికి ముందు నొప్పికి ఏమైనా ఇవ్వొచ్చా?" అని.

ఇక చార్టు. "స్నానం దగ్గర కొట్టింది" అని రాస్తే దేనికీ పనికిరాదు. స్నానం అంటే ఒక పని కాదు, పది పన్నెండు పనులు. నిద్ర లేపడం, నడిపించడం, గదిలోకి అడుగు పెట్టించడం, స్టూలు మీద కూర్చోబెట్టడం, నైటీ తీయడం, మొదటి మగ్గు నీళ్లు, తల, సబ్బు, కాళ్ల మధ్య కడగడం, తుడవడం, బట్టలు తొడగడం. వీటిలో గొడవ ఏ క్షణాన మొదలైందో రాయాలి. దానికి ముందు నిమిషంలో ఏం జరిగింది, ఆవిడ సరిగ్గా ఏం చేశారు లేదా ఏమన్నారు, తర్వాత మనం ఏం చేశాం, ఎంతసేపట్లో తగ్గింది, అప్పుడు ఎవరున్నారు. ఏడు రోజులు రాయండి. గొడవ లేని రోజులు కూడా తప్పకుండా రాయండి. జవాబు ఎక్కువసార్లు దొరికేది ఆ రోజుల్లోనే.

నింపిన చార్టు ఎలా ఉండాలో చూపడానికి ఒక నమూనా అల్లుతున్నాను. ఏడు రోజుల్లో ఐదు రోజులు గొడవ. అందులో నాలుగు రోజులు నైటీని తల మీదుగా తీస్తున్నప్పుడు మొదలైంది, కుడి చేయి పైకెత్తగానే "వదలండే" అని అరిచి గిల్లారు. ఒక రోజు మొదటి మగ్గు నీళ్లు భుజం మీద పడగానే కొట్టారు. ఐదు రోజులూ టైము ఆరున్నర, ఇద్దరు అటెండెంట్లు. గొడవ లేని రెండు రోజుల్లో ఒకటి ఆదివారం: మనుషులు తక్కువై స్నానం పదకొండింటికి జరిగింది. రెండోది ముందు బొత్తాలున్న నైటీ వేసిన రోజు.

ఇప్పుడు ఈ పేజీ ఏం చెబుతోంది? కుడి భుజంలో నొప్పి లేదా బిగుసుకుపోవడం ఉండొచ్చు, అది డాక్టర్ చూడాలి. ఆరున్నరకి చలి. బెంగళూరులో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున పదిహేను, పదహారు డిగ్రీలు ఉంటుంది. మీది సోలార్ అయితే పైపులో రాత్రంతా నిలిచిన చల్లనీళ్లు ముందు వస్తాయి, తొట్టిలో వేడినీళ్లు ఆ తర్వాతే. హడావుడిలో బకెట్ నిండిందని మొదటి మగ్గు పోస్తే అది చన్నీళ్లే. మూడోది ఎవరూ రాయనిది: ఆ తరం రాయలసీమ ఆడవాళ్లు లంగా రొమ్ముల పైకి కట్టుకునే నీళ్లు పోసుకుంటారు. ఇద్దరు ముక్కూ మొహం తెలియనివాళ్లు చీకటి ఇంకా పోని వేళ వచ్చి, అర్థంకాని భాషలో మాట్లాడుతూ ఒంటిమీద గుడ్డ లాగేస్తే తిరగబడని మనిషి ఎవరు? దాన్ని "అగ్రెషన్" అని రాసే ముందు ఇది గుర్తు చేసుకోవాలి.

ఊహ దొరికాక రెండు మూడు మార్పులు మాత్రమే చేయండి, అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. పై నమూనాకైతే నేను పెట్టేవి ఇవి: స్నానం పదకొండు గంటలకి, నైటీ ముందు బొత్తాలది, లంగా పైకి కట్టి ఉంచడం. ఇంటివాళ్లని ఆవిడ ఏ వేళకి నీళ్లు పోసుకునేవారో, ఏ సబ్బు వాడేవారో, తలంటు ఏ రోజో అడగండి. మైసూర్ శాండల్ అలవాటైన మనిషికి ఆ వాసన "ఇది నా స్నానమే" అని చెబుతుంది, మాటలు చెప్పలేనిది.

ఒక రోజు క్రమం ఇలా ఉంటుంది. ఆవిడ గదిలోకి రాకముందే అన్నీ సిద్ధం కావాలి. చన్నీళ్లు పారబోసి బకెట్ నింపి, థర్మామీటర్‌తో 38 నుంచి 40 డిగ్రీల మధ్య ఉందా చూసుకోవాలి. వాళ్ల చర్మం పలచన, మన చేతికి "బాగుంది" అనిపించే వేడి వాళ్లకి కాలొచ్చు. కిటికీ మూసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపి, రెండు పొడి టవళ్లు చేతికందేలా పెట్టాలి. నేల మీద నల్లటి మ్యాట్ ఉంటే తీసేయండి, వాళ్ల కళ్లకి అది గొయ్యిలా కనిపించి అడుగు వేయరు. అద్దంలో పరాయి మనిషి ఉందని భయపడేవాళ్లుంటారు, దాని మీద గుడ్డ కప్పండి.

ఎదురుగా వెళ్లి, కళ్ల మట్టానికి వంగి, ఒక్కరే మాట్లాడాలి. రెండో అటెండెంట్ ఉన్నా నోరు మెదపకూడదు. రెండు వైపుల నుంచి రెండు గొంతులు వస్తే ఆ మెదడు దేన్నీ పట్టుకోలేదు. మణికట్టు పట్టుకోకండి. మీ అరచేయి కిందపెట్టి ఆవిడ చేయి పైన ఉండేలా నడిపించండి, పట్టుకున్నది ఆవిడే అవుతుంది. లంగా కట్టిన తర్వాత భుజాల మీద పొడి టవల్ కప్పి, నీళ్లు ముందు పాదాల మీద, తర్వాత మోకాళ్ల మీద పోయండి. చేతికి చిన్న చెంబు ఇచ్చి తనే పోసుకోనివ్వండి, మిగతాది మీరు చూసుకుంటారు. అదో పని ఉంటే చేతులు కొట్టడానికి ఖాళీగా ఉండవు, అంతకంటే ముఖ్యంగా స్నానం తన చేతిలో ఉంటుంది. ఏ భాగం కడుగుతున్నారో అంతవరకే టవల్ తీసి, కడిగి, మళ్లీ కప్పాలి. ముఖం ఆఖరున, తడిగుడ్డతో, వీలైతే తన చేత్తోనే. తల మీద నీళ్లు పోయకండి. తలంటు వేరే రోజు, వేరే పని.

ఆవిడ మీ చేయి గట్టిగా పట్టేసుకుంటే లాక్కోకండి. జబ్బు ముదిరినవాళ్లలో అరచేతిలో ఏది తగిలినా బిగించే రిఫ్లెక్స్ తిరిగొస్తుంది. అది కోపం కాదు, లాగితే ఇంకా బిగుస్తుంది. వెనకచేతిని మెల్లగా నిమిరితే సడలుతుంది. చుట్టిన చేతిరుమాలు ముందే ఇచ్చి ఉంచితే ఇంకా మంచిది.

భాష గురించి. తర్వాత నేర్చుకున్న భాష ముందు పోవడం, పుట్టుభాష మిగలడం ఈ జబ్బులో మామూలే. అటెండెంట్లకి తెలుగు నేర్పక్కర్లేదు, ఎనిమిది మాటలు చాలు. వాటిని వాళ్లు చదవగలిగే లిపిలో, అస్సామీ, ఒడియా, కన్నడంలో రాసి కార్డు ఇవ్వండి: "నీళ్లు పోసుకుందాం రాండమ్మా", "వెచ్చగా ఉండాయి", "చేయి ఇయ్యండి", "నొప్పా?", "కప్పుతాను", "అయిపోయింది", "కాఫీ తాగుదాం", "నేనిక్కడే ఉండా". మొదటిదాంట్లో "స్నానం" అనకుండా "నీళ్లు పోసుకుందాం" అని కావాలనే పెట్టాను. సీమ ఇళ్లలో చిన్నప్పటి నుంచి విన్న మాట అది. ఆవిడ కూతురితో ఫోన్‌లో చెప్పించి రికార్డు చేసుకుంటే యాస కూడా సరిగ్గా పడుతుంది. అక్షరం చదివి పలికిన మాట కంటే విని పలికిన మాట మేలు.

ఇలా చేసినా స్నానాల గదంటేనే భయపడే రోజులుంటాయి. వాటికి మంచం మీద టవల్ స్నానం. అమెరికాలో 15 నర్సింగ్ హోమ్‌లలో చేసి 2004లో ప్రచురించిన పరిశోధనలో, మనిషికి తగ్గట్టు మార్చిన షవర్ స్నానంతో కొట్టడం, గిల్లడం లాంటి ఘటనలు 53 శాతం, టవల్ స్నానంతో 60 శాతం తగ్గాయి. మామూలు తడిగుడ్డతో తుడవడం అనుకుంటే పొరపాటు. పెద్ద టర్కీ టవల్‌ని మడిచి చుట్టి పెద్ద ప్లాస్టిక్ సంచిలో పెట్టండి. కడగనవసరం లేని ద్రవ సబ్బుని, సీసా మీద రాసిన కొలతలో, సుమారు రెండు లీటర్ల వేడినీళ్లలో కలిపి సంచిలో పోసి, టవల్ మొత్తం నానేలా పిసికి, మిగిలిన నీళ్లు పిండేయండి. నీళ్లు 41 నుంచి 43 డిగ్రీలు ఉండొచ్చు, టవల్‌కి చేరేసరికి కొంచెం చల్లబడతాయి. ఒంటిమీద పెట్టే ముందు మాత్రం మీ మోచేతి లోపలి వైపు తాకించి చూడాలి. పొడి దుప్పటిని కిందికి లాగుతూ అదే ఊపులో తడి టవల్‌ని మెడ నుంచి పాదాల దాకా పరచాలి, ఒళ్లు ఒక్క క్షణం కూడా గాలికి బయటపడకూడదు. టవల్ మీద నుంచే మెల్లగా మర్దన చేసినట్టు రుద్దండి. తర్వాత పక్కకి తిప్పి ఇంకో చిన్న నానబెట్టిన టవల్‌తో వీపు, చివర్లో వేరే గుడ్డతో కాళ్ల మధ్య. తుడవక్కర్లేదు, పొడి దుప్పటి కప్పితే చాలు.

ఇది పాడయ్యేది రెండు చోట్ల. మామూలు సబ్బు వాడితే అది చర్మం మీదే ఎండి దురద పెడుతుంది, సాయంత్రానికి కొత్త గొడవ. కడగనవసరం లేని సబ్బు దొరక్కపోతే సబ్బు లేకుండా ఉత్త వేడినీళ్ల టవల్ చాలు. రెండోది, సంచిని అరగంట ముందే సిద్ధం చేసి పెట్టుకోవడం. చల్లారిన టవల్ అంటే మళ్లీ చన్నీళ్ల మగ్గే.

ఎప్పుడు ఆపాలో కార్డు మీద పెద్ద అక్షరాలతో ఉండాలి. నుదురు ముడి, పిడికిలి బిగించడం, ఒకే మాట మళ్లీ మళ్లీ అనడం, ఊపిరి వేగం: కొట్టడానికి ముందు ఇవి వస్తాయి. కనిపించగానే నీళ్లు ఆపి, పొడి టవల్ కప్పి, వెనక్కి తగ్గండి. 15-20 నిమిషాలాగి, వీలైతే మనిషి మారి, ఇంకొక్కసారి అడగండి. రెండోసారీ వద్దంటే ఆ రోజుకి ముఖం, చంకలు, కాళ్ల మధ్య, పాదాలు తుడిస్తే సరిపోతుంది. నలుగురు పట్టుకుని పూర్తి చేయడం ప్లాన్‌లో లేనే లేదు. ఆ చర్మం చిరుగుతుంది, ఆ ఎముక విరుగుతుంది, మర్నాడు గొడవ గది గుమ్మం దగ్గరే మొదలవుతుంది. విషయం మర్చిపోయినా భయం ఒంట్లో మిగులుతుంది.

మలంతో తడిసినప్పుడు ఆగలేం కదా అంటారు. నిజమే, అప్పుడు ఆ భాగం మాత్రమే. గోడకున్న కడ్డీ పట్టుకుని నిలబెట్టి, ఒకరు ఎదురుగా మాట్లాడుతూ ఉంటే ఇంకొకరు వెనక నుంచి వేడి తడిగుడ్డతో శుభ్రం చేసి, కొత్త డైపర్ వేయడం. ఎలాగూ తీశాం కదా అని పూర్తి స్నానానికి దిగొద్దు.

ఇంటివాళ్ల దగ్గర ఇబ్బంది వస్తుంది. "రోజూ స్నానం చేయించట్లేదా, మా అమ్మ స్నానం చేయకుండా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టదు" అంటారు. వారానికి రెండు పూర్తి స్నానాలు, మిగతా రోజుల్లో భాగాలు కడగడం అన్నది ముందే కూర్చోబెట్టి చెప్పి, కేర్ ప్లాన్‌లో రాసి, సంతకం తీసుకోండి. ఆవిడకి ఆ ఆచారం మనసులో ఉంటే కాళ్లు చేతులు కడిగి, బొట్టు పెట్టి, ఉతికిన చీర కట్టాక టిఫిన్ పెట్టండి. చాలామందికి అదే చాలు.

పనిచేస్తోందా లేదా అన్నది "ఈమధ్య బాగుంది" అనే మాటతో తేల్చకండి. ప్రతి స్నానానికి ఒక అంకె: ప్రశాంతంగా ఉంటే సున్నా, మాటలతో వద్దంటే ఒకటి, తోసేస్తే రెండు, కొట్టినా గిల్లినా మూడు. మొదటి వారం అంకెలు పక్కన పెట్టుకుని రెండు వారాల తర్వాత పోల్చండి. వారానికి ఐదు మూడులు ఉన్నచోట ఒకటికి వస్తే ప్లాన్ అలాగే సాగనివ్వండి. ఏమీ కదలకపోతే మన ఊహ తప్పు. చార్టు మళ్లీ తెరిచి ఇంకో కారణం వెతకాలి. ఒక షిఫ్ట్‌లో సున్నాలు, ఇంకో షిఫ్ట్‌లో మూడులు ఉంటే మాత్రం తేడా ఆవిడలో లేదు, వాళ్లు చేసే పద్ధతిలో ఉంది. తిట్టడం కాకుండా, సున్నా వచ్చేవాళ్ల స్నానాన్ని పక్కన నిలబడి చూడమనండి.

మందు విషయం. ఆవిడకో ఇంకొకరికో నిజంగా ప్రమాదం ఉండి, ఇవన్నీ చేసినా తగ్గనప్పుడు డాక్టర్ కొద్ది మోతాదులో, కొద్ది రోజులకి ఇవ్వొచ్చు, అది ఆయన నిర్ణయం. డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లలో యాంటీసైకోటిక్ మందులతో మరణాలు పెరుగుతున్నాయని అమెరికా ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరిక పెట్టించింది. మగత, పడిపోవడం కూడా వాటి వెంటే వస్తాయి. లేని మనుషులు కనిపించడం, ఒళ్లు బిగుసుకుని నడక నెమ్మదించడం ఉంటే అది లూయీ బాడీ అనే రకం డిమెన్షియా ఏమో అని ముందే డాక్టర్‌కి చెప్పాలి, వాళ్లకి ఈ మందులు మరీ ప్రమాదం. ఇప్పటికే నడుస్తున్న మందుని మీ అంతట మీరు ఆపకండి, కాఫీలో కలిపి ఇవ్వకండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు "బాగా గొడవ చేస్తోంది" అనే మాట కాకుండా రెండు వారాల అంకెలు, పెయినాడ్ మార్కులు, మందుల చీటీ పట్టుకెళ్లండి.

చివరిగా, ఏజెన్సీ అటెండెంట్లు నెలకొకరు మారుతుంటారు కాబట్టి ప్లాన్ మొత్తం ఒక పేజీ దాటకూడదు: టైము, నైటీ రకం, లంగా సంగతి, నొప్పి ఉన్న భుజం, నీళ్ల వేడి, ఎనిమిది మాటలు, ఆపే గుర్తులు. లామినేట్ చేసి ఆవిడ బట్టల అల్మారా తలుపు లోపలి వైపు అంటించండి, గోడ మీద వచ్చేపోయేవాళ్ల కంటపడేలా కాదు. కొత్తగా వచ్చినవాళ్లు మొదటి రెండు స్నానాలు చూడాలి, మూడోది చేయాలి. హ్యాండోవర్‌లో ఆ రోజు అంకె, ఏ క్షణాన మొదలైందో ఒక్క వాక్యం. కొత్త మనిషి వచ్చిన వారంలో మూడులు కనిపిస్తే ముందు చూడాల్సింది ఆ తలుపు తెరిచారా లేదా అని.